కంపెనీ రిటర్నులు ఆలస్యమై నోటీసు వస్తే: ఏ సొమ్ము తగ్గుతుంది, ఏది తగ్గదు

షోలాపూర్‌లో తువ్వాళ్ల మగ్గాలు, బళ్లారిలో జీన్స్ కుట్టే షెడ్లు, హోసూరులో చిన్న లేత్ వర్క్‌షాపులు నడిపే మనవాళ్లలో చాలామంది ఇప్పుడు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలుగా నమోదై ఉన్నారు. బ్యాంకు అడిగిందనో, పెద్ద కొనుగోలుదారు అడిగాడనో కంపెనీ పెడతారు. అన్నదమ్ములో, భార్యాభర్తలో డైరెక్టర్లుగా ఉంటారు. జీఎస్టీ నెలనెలా గుర్తుంటుంది, ఆదాయపు పన్ను ఏడాదికోసారి గుర్తుంటుంది. కంపెనీల రిజిస్ట్రారుకు ఏటా పెట్టాల్సిన రెండు ఫారాలు మాత్రం మరుగున పడతాయి. అవి పెట్టలేదని ఒకరోజు నోటీసు వస్తుంది. దాన్ని అందరూ ‘లేట్ ఫీజు నోటీసు’ అనే అంటారు. ‘దయచేసి తగ్గించండి’ అని ఒక ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూస్తారు. నష్టం ఎక్కువగా ఆ ఎదురుచూపులోనే జరుగుతుంది.

ఎందుకంటే ఆ నోటీసు వెనక ఉన్న సొమ్ము ఒకటి కాదు, రెండు. ఒకటి అదనపు రుసుము, రెండోది జరిమానా. మొదటిది తగ్గించే అధికారం నోటీసు పంపిన అధికారికి లేదు. రెండోది సరైన సమయానికి సరైన పని చేస్తే తగ్గడమే కాదు, పూర్తిగా పోతుంది. అడగాల్సినది అడగకుండా, అడిగినా రానిదాన్ని అడుగుతూ నెల రోజులు గడిపితే రెండూ మీద పడతాయి.

ఆ రెండు ఫారాలు, వాటి గడువులు

మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. సెప్టెంబరు 30 లోపు వాటాదారుల వార్షిక సమావేశం జరిపి, ఆడిట్ అయిన లెక్కలను ఆమోదించుకోవాలి. ఆ సమావేశం జరిగిన 30 రోజుల్లోపు లెక్కలను AOC-4 అనే ఫారంలో పెట్టాలి. ఇది కంపెనీల చట్టం 137వ సెక్షన్. అదే సమావేశం నుంచి 60 రోజుల్లోపు వార్షిక రిటర్ను పెట్టాలి. చిన్న కంపెనీలకు ఆ ఫారం పేరు MGT-7A, సెక్షన్ 92. రెండూ కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లోనే పెట్టాలి.

ఇది కేంద్ర చట్టం కాబట్టి ఏ రాష్ట్రంలో ఉన్నా ఒకటే. మారేది కార్యాలయం మాత్రమే. షోలాపూర్ కంపెనీలకు పూణే, బళ్లారి వాళ్లకు బెంగళూరు, బరంపురం వాళ్లకు కటక్ రిజిస్ట్రారు. తమిళనాడులో జిల్లాను బట్టి చెన్నై లేదా కోయంబత్తూరు. యానాం నుంచి కాకినాడ కూతవేటు దూరమే అయినా, అక్కడి కంపెనీ చూసుకోవాల్సింది విజయవాడ కార్యాలయాన్ని కాదు, పుదుచ్చేరి కార్యాలయాన్ని.

తగ్గని సొమ్ము

గడువు దాటిన రోజు నుంచి ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు అదనపు రుసుము. 2018 జులై 1 నుంచి ఈ లెక్కే నడుస్తోంది. దీనికి పై పరిమితి లేదు. ఏడాది ఆలస్యమైతే ఒక్క ఫారానికి 36,500. రెండు ఫారాలకు రెండింతలు. కంపెనీ చిన్నదైనా పెద్దదైనా ఇందులో తేడా లేదు. అసలు ఫీజు మాత్రం వాటా మూలధనాన్ని బట్టి మారుతుంది. పది లక్షల మూలధనం ఉన్న కంపెనీకి అది ఫారానికి 400 రూపాయలే.

ఈ అదనపు రుసుమును ఏ గుమస్తా రాయడు, ఏ అధికారీ నిర్ణయించడు. మీరు ఫారం పెట్టే రోజున వెబ్‌సైటే తేదీలు చూసి లెక్క కడుతుంది. సొమ్ము కట్టనిదే ఫారం ముందుకు కదలదు. అనారోగ్యం, వ్యాపారం దెబ్బతినడం, అకౌంటెంటు మానేయడం ఏది చెప్పినా ఈ లెక్క మారదు. రిజిస్ట్రారు దయగల మనిషైనా ఆయన చేతిలో ఏమీ లేదు. ఇది తగ్గేది ఒక్క దారిలోనే: ప్రభుత్వమే కొంతకాలం పాటు పథకం ప్రకటిస్తే. 2020లో కోవిడ్ సమయంలో అలాంటి పథకం తెచ్చి, ఏప్రిల్ 1 నుంచి ఆ ఏడాది చివరి దాకా పెట్టిన పాత ఫారాలకు అదనపు రుసుము లేకుండా చేశారు. అలాంటిది ఇప్పుడు నడుస్తోందేమో కట్టే ముందు శాఖ వెబ్‌సైట్‌లో సర్క్యులర్లు ఒకసారి చూసుకోవడం మంచిదే. కానీ చేతిలో నోటీసు ఉండగా, రాబోయే పథకం కోసం కాచుకు కూర్చోవడం తెలివైన పని కాదు. ఎందుకో కింది లెక్కలో తెలుస్తుంది.

తగ్గే సొమ్ము

రెండోది జరిమానా. ఇది 454వ సెక్షన్ కింద నడుస్తుంది. న్యాయనిర్ణయ అధికారి, అంటే సాధారణంగా రిజిస్ట్రారే, ముందు షోకాజ్ నోటీసు ఇస్తారు. మీ చేతికొచ్చిన కాగితంలో 454 అనే అంకె ఉందేమో మొదట చూడండి. ఉంటే అది గుర్తుచేసే ఉత్తరం కాదు, జరిమానా విచారణ మొదలైందని అర్థం.

జరిమానా లెక్క ఇలా ఉంటుంది. ఒక్కో ఫారానికి 10,000 రూపాయలు, దానిపైన ఆలస్యమైన ప్రతి రోజుకు 100. కంపెనీకి గరిష్ఠంగా రెండు లక్షలు, బాధ్యుడైన ఒక్కో డైరెక్టరుకు గరిష్ఠంగా 50,000. కంపెనీకి ఒకసారి, ఒక్కో డైరెక్టరుకు మళ్లీ ఒకసారి వేస్తారన్నది చాలామంది గమనించరు. చిన్న కుటుంబ కంపెనీల్లో మేనేజింగ్ డైరెక్టరంటూ విడిగా ఎవరూ ఉండరు, బోర్డు ఫలానావారికి ఈ బాధ్యత అని తీర్మానమూ చేయదు. అప్పుడు డైరెక్టర్లందరూ బాధ్యులే. సంతకానికి మాత్రమే డైరెక్టరుగా పెట్టిన ఇంటావిడ కూడా అందులో ఉంటుంది.

ఇక అసలు విషయం. 2020లో చట్టాన్ని సవరించినప్పుడు 454(3)కి ఒక మినహాయింపు చేర్చారు. తప్పు ఈ రెండు ఫారాలకు సంబంధించినదైతే, అంటే 92(4) గానీ 137(1), (2) గానీ అయితే, నోటీసుకు ముందే ఫారం పెట్టేసినా, నోటీసు జారీ అయిన 30 రోజుల్లోపు పెట్టినా జరిమానా వేయకూడదు. విచారణ అక్కడితో ముగిసినట్టే. ఇది అధికారి దయ మీద ఆధారపడింది కాదు, చట్టం ఇచ్చిన హక్కు. తగ్గించమని ప్రాధేయపడే ఉత్తరం కంటే రెండు చలాన్లు బలమైన జవాబు కావడానికి కారణం ఇదే.

ఇందులో ఒక మాట మీద కాలు జారుతుంది. ముప్పై రోజులు లెక్కించాల్సింది నోటీసు మీకు అందిన రోజు నుంచి కాదు, జారీ అయిన రోజు నుంచి. 2024 సెప్టెంబరు 16 నుంచి ఈ విచారణలు పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలోకి వచ్చాయి. నోటీసు శాఖ రికార్డుల్లో ఉన్న ఈమెయిల్‌కు వెళుతుంది. కంపెనీ పెట్టిన రోజుల్లో ఆ ఈమెయిల్ ఎవరిది ఇచ్చారు? చాలా కంపెనీల్లో అది అప్పటి అకౌంటెంటుది. ఆయన ఊరు మారినా, మీతో పని మానేసినా నోటీసులు ఆయన డబ్బాలోకే పోతుంటాయి.

జవాబు ఇచ్చే గడువు వేరు. అది నోటీసులోనే రాసి ఉంటుంది, 15 రోజులకు తగ్గకుండా 30 రోజులకు మించకుండా. తగిన కారణం చెబితే అధికారి మరో 15 రోజుల దాకా పొడిగించవచ్చు. అయితే ఆ పొడిగింపు జవాబుకే. ఫారాలు పెట్టే 30 రోజుల గడువు దానితో సాగదు.

ఒక లెక్క చూద్దాం

షోలాపూర్‌లో తువ్వాళ్లు నేసే ఒక కంపెనీని ఊహించుకుందాం. అన్నదమ్ములిద్దరూ డైరెక్టర్లు. మూలధనం 10 లక్షలు, ఏడాది అమ్మకాలు 3 కోట్లు. 2023-24 లెక్కలు ఆడిట్ అయ్యాయి, 2024 సెప్టెంబరు 30న వార్షిక సమావేశమూ జరిగింది. మీటింగ్ అయిపోయింది కదా అని ఫైలు బీరువాలో పెట్టేశారు. అకౌంటెంటు మారాడు. ఫారాలు పెట్టే పని ఎవరి మీదా లేకుండా పోయింది.

AOC-4 గడువు 2024 అక్టోబరు 30. MGT-7A గడువు నవంబరు 29. 2025 జూన్ 2న షోకాజ్ నోటీసు జారీ అయింది. పాత అకౌంటెంటు ఈమెయిల్‌కు వచ్చింది. ఆయన మర్యాదగా దాన్ని పంపేసరికి జూన్ 13. జవాబుకు 15 రోజులిచ్చారు, అంటే జూన్ 17. ఫారాలు పెట్టడానికి చట్టమిచ్చిన గడువు జులై 2.

తమ్ముడికి మొదట తోచింది ఉత్తరం రాయడమే. వాళ్ల ఆడిటరు ఒకటే మాట అన్నాడు: “ఉత్తరంలో ఏం రాయాలన్నది చలాన్ చేతికొచ్చాక చూద్దాం అన్నా, ముందు మీ ఇద్దరి డిజిటల్ సంతకాలు పనిచేస్తున్నాయో లేదో చూడండి.” అన్నగారి సంతకం గడువు తీరిపోయి ఉంది. దాన్ని మళ్లీ తీసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోగా జూన్ 16న ఒక చిన్న జవాబు పెట్టారు: తప్పును ఒప్పుకుంటున్నాం, ఫారాలు సిద్ధమవుతున్నాయి, జులై 2 లోపు పెడతాం, అప్పటిదాకా ఆదేశం ఇవ్వకండి, చలాన్లు జోడించేందుకు మరో 15 రోజులివ్వండి అని. జూన్ 20న రెండు ఫారాలూ వెళ్లాయి.

ఆ రోజుకు AOC-4 ఆలస్యం 233 రోజులు, అదనపు రుసుము 23,300. MGT-7A ఆలస్యం 203 రోజులు, 20,300. రెండింటికీ అసలు ఫీజు 800. మొత్తం 44,400 రూపాయలు. జరిమానా సున్నా.

ఇప్పుడు అదే కంపెనీ తగ్గింపు ఉత్తరం రాసి, జవాబు వచ్చాక చూద్దామని కూర్చుని, జులై 10న ఫారాలు పెట్టిందనుకోండి. గడువు దాటింది ఎనిమిది రోజులే. అదనపు రుసుము 25,300, 22,300 కలిపి 47,600 అవుతుంది. ఇది పెద్ద తేడా కాదు. కానీ జరిమానా తలుపు తెరుచుకుంటుంది. AOC-4కు ఒక్కొక్కరికి 10,000తో పాటు 253 రోజులకు 25,300, అంటే 35,300. MGT-7Aకు అదే పద్ధతిలో 32,300. రెండూ కలిపి ఒక్కొక్కరికి 67,600. కంపెనీ, అన్న, తమ్ముడు ముగ్గురికీ కలిపి 2,02,800. మొదటి రోజును కలుపుకోవడంలో అధికారిని బట్టి వంద అటూ ఇటూ కావచ్చు.

అయితే ఇక్కడ రెండో రక్షణ ఒకటుంది. సెక్షన్ 446బి ప్రకారం చిన్న కంపెనీకి, దాని డైరెక్టర్లకు మామూలు జరిమానాలో సగానికి మించి వేయకూడదు. అప్పుడు 1,01,400 అవుతుంది. సగమైనా, ఎనిమిది రోజుల జాప్యానికి లక్ష రూపాయలు. పైగా డైరెక్టర్ల మీద పడిన జరిమానాను వాళ్ల సొంత జేబులోంచే కట్టాలని ఆదేశాల్లో సాధారణంగా రాస్తారు. కంపెనీ ఖాతాలోంచి కట్టేసి ఖర్చు రాసుకుంటామంటే కుదరదు.

చిన్న కంపెనీ అంటే ఎంత అన్న సందేహం రావచ్చు. 2025 డిసెంబరులో ఆ గీతను పది కోట్ల మూలధనం, వంద కోట్ల అమ్మకాల దాకా పెంచారు. రెండింటిలోనూ ఆ లోపల ఉన్న ప్రైవేటు కంపెనీకి అనుమానం అక్కర్లేదు. అయితే ఆ కంపెనీ మరో కంపెనీకి అనుబంధ సంస్థ అయినా, దానికే అనుబంధ కంపెనీ ఉన్నా చిన్న కంపెనీ కిందికి రాదు. అన్న కంపెనీ పేరు మీద తమ్ముడి కంపెనీ వాటాలు సగానికి మించి పెట్టుకున్న కుటుంబాలు ఇది ఒకసారి చూసుకోవాలి.

జవాబులో ఏం రాయాలి

జవాబు శాఖ వెబ్‌సైట్‌లోని విచారణ విభాగంలోనే పెట్టాలి, ఇంగ్లీషులో రాస్తే సరిపోతుంది. నోటీసులో పేర్లున్న ముగ్గురి తరఫునా జవాబు ఉండాలి. కంపెనీ తరఫున మాత్రమే రాసి డైరెక్టర్ల సంగతి వదిలేస్తే వాళ్లు జవాబివ్వనట్టే లెక్క. సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది:

“2025 జూన్ 2 నాటి మీ షోకాజ్ నోటీసుకు కంపెనీ తరఫున, ఇద్దరు డైరెక్టర్ల తరఫున ఈ జవాబు. 2023-24 సంవత్సరానికి వార్షిక సర్వసభ్య సమావేశం 2024 సెప్టెంబరు 30న జరిగింది. లెక్కలు, వార్షిక రిటర్ను గడువులోపు దాఖలు కాలేదన్నది నిజం. రెండు ఫారాలను 2025 జూన్ 20న, వర్తించే అదనపు రుసుము చెల్లించి దాఖలు చేశాం. వాటి ఎస్సార్‌ఎన్ నంబర్లు, చలాన్ల ప్రతులు జతచేశాం. ఈ దాఖలు నోటీసు జారీ అయిన 30 రోజుల్లోపు జరిగింది. కనుక సెక్షన్ 454(3) మినహాయింపు ప్రకారం జరిమానా విధించకుండా విచారణ ముగించాలని కోరుతున్నాం. పై విన్నపానికి భంగం లేకుండా, కంపెనీ సెక్షన్ 2(85) కింద చిన్న కంపెనీ అనీ, ఏ కారణం చేతనైనా జరిమానా పరిశీలిస్తే సెక్షన్ 446బి ప్రకారం సగానికి మించరాదనీ మనవి. వాటా మూలధనం, అమ్మకాల వివరాలకు ఆడిట్ అయిన లెక్కల ప్రతి జతచేశాం. విరుద్ధమైన ఆదేశం ఇవ్వదలిస్తే ముందుగా మా వాదన వినాలని కోరుతున్నాం.”

ఇంతే చాలు. ‘పై విన్నపానికి భంగం లేకుండా’ అన్న ముక్క లాయర్ల ఆడంబరం కాదు. మొదటి కోరిక నిలవకపోతే రెండోది బతికి ఉండటానికి అది కావాలి. 446బి సంగతి అడగకపోయినా అధికారి చూడాలి, నిజమే. కానీ కంపెనీ చిన్నదని చూపించే కాగితం ఆయన ముందు ఉంటే పని తేలిక.

కారణాలు రాయాలా? రెండు వాక్యాల్లో రాయవచ్చు, అంతకు మించి వద్దు. కంపెనీ పరిమాణం, తప్పు మళ్లీ మళ్లీ జరిగిందా, ఎవరికైనా నష్టం కలిగిందా వంటివి అధికారి చూడాలని నిబంధనల్లో ఉన్నమాట నిజమే. అయితే చట్టం జరిమానాను కచ్చితమైన మొత్తంగా చెప్పినచోట ఆ మొత్తమే వేయాలనీ అదే నిబంధనల్లో ఉంది. ఈ రెండు ఫారాల విషయంలో పదివేలు, రోజుకు వంద అని చట్టమే చెప్పేసింది. కాబట్టి మూడు పేజీల కష్టాల కథ చదివి అధికారి జాలిపడినా ఆయన చేతులు కట్టేసి ఉంటాయి. నా దృష్టిలో ఆ మూడు పేజీలు రాసే సమయాన్ని రోజుల లెక్క సరిచూసుకోవడానికి వాడితే మేలు. నోటీసులో గడువు తేదీ తప్పుగా పడిందా, సమావేశం తేదీ సరిగా తీసుకున్నారా అన్నది డబ్బు తగ్గించగల విషయం.

ఎవరు బాధ్యులన్నది కూడా అలాంటిదే. గడువు రావడానికి ముందే రాజీనామా చేసిన డైరెక్టరు పేరు నోటీసులో ఉంటే, రాజీనామా నమోదైన DIR-12 ఫారం జతచేసి ఆ పేరు తీసేయమని అడగాలి. ఆ తప్పు ఆయనది కాదు.

ఎక్కడ తేడా కొడుతుంది

ఫారం నింపి భద్రపరచడం దాఖలు కాదు. సొమ్ము కట్టి చలాన్ పడి, వెబ్‌సైట్‌లో ఆ ఎస్సార్‌ఎన్ ఎదురుగా స్థితి సరిగా కనిపించాలి. జులై 1 రాత్రి పదకొండింటికి సైటు నెమ్మదించిందని తర్వాత చెప్పుకుంటే వినేవాళ్లుండరు. ముప్పై రోజుల్లో ఇరవయ్యో రోజే ఆఖరిదని పెట్టుకుంటే డిజిటల్ సంతకం, డైరెక్టరు కేవైసీ, ఆడిటరు సంతకం లాంటివి అడ్డొచ్చినా సర్దుకోవచ్చు. కేవైసీ పెట్టక డైరెక్టరు డిన్ మూతపడి ఉంటే ముందు దాన్ని తెరిపించుకోవాలి, దానికీ రుసుము ఉంది.

ఇంతకంటే చిక్కైనది, వార్షిక సమావేశమే జరగకపోవడం. అప్పుడు కూడా రెండు ఫారాలకు గడువు నడుస్తుంది. సమావేశం జరగాల్సిన చివరి తేదీ నుంచి లెక్కిస్తారు. ఆ ఫారాలను నోటీసు తర్వాత 30 రోజుల్లో పెడితే వాటి జరిమానా పోతుంది. కానీ సమావేశం జరపని తప్పు వేరే, అది 96వ సెక్షన్‌ది. 454(3) మినహాయింపు దానికి వర్తించదు. దాన్ని రాజీ దరఖాస్తు ద్వారా విడిగా పరిష్కరించుకోవాలి. ఇలాంటి సమయంలో ‘సెప్టెంబరు 30న మీటింగ్ జరిగినట్టు మినిట్స్ రాసేద్దాం’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. ఆడిటరు సంతకం చేసిన ప్రతి నివేదిక మీదా యూడిన్ అనే నంబరు ఉంటుంది, దాని వెనక తేదీ ఉంటుంది. మే నెలలో సంతకమైన ఆడిట్ నివేదికను అంతకుముందు సెప్టెంబరులోనే వాటాదారులు ఆమోదించారని ఫారంలో రాస్తే అబద్ధం అక్కడే కనిపిస్తుంది. ఆలస్యానికి జరిమానాతో పోతుంది గానీ, ఫారంలో తప్పుడు ప్రకటన మోసం కింద శిక్షకు దారితీసే నేరం.

ఒకటి కాక రెండు మూడేళ్ల ఫారాలు పెండింగులో ఉంటే, నోటీసు ఏ సంవత్సరానికి వచ్చిందో చూసి దాన్ని ముందు పెట్టాలనిపిస్తుంది. గడువు ఒత్తిడి వల్ల అది సహజం. కానీ మిగతా ఏళ్లవి కూడా వాటి నోటీసు రాకముందే పెట్టేస్తే వాటికి జరిమానా లేదన్నది గుర్తుంచుకోండి. మినహాయింపులో ‘నోటీసుకు ముందు’ అన్న మాట ఉన్నది అందుకే. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు పెట్టకపోతే డబ్బుతో పోదు. సెక్షన్ 164(2) కింద డైరెక్టర్లు అయిదేళ్ల పాటు అనర్హులవుతారు. ఆ అనర్హత ఈ కంపెనీతో ఆగదు, వాళ్లు డైరెక్టర్లుగా ఉన్న మిగతా కంపెనీల మీదా పడుతుంది. రెండో ఏడాది దాటుతుంటే డబ్బు సర్దుకున్నాక చూద్దామనుకోవడం ప్రమాదం.

గడువు దాటిపోయి ఆదేశం వచ్చేస్తే

ఆదేశం వచ్చాక మొదట చూడాల్సింది మూడు విషయాలు. 446బి సగం వర్తింపజేశారా. ముప్పై రోజుల్లోపు పెట్టిన ఫారాన్ని లెక్కలోకి తీసుకోకుండా పొరపాటున జరిమానా వేశారా. బాధ్యుడు కాని డైరెక్టరు మీద వేశారా. వీటిలో ఏది ఉన్నా అప్పీలుకు బలముంది. ఆదేశం ప్రతి అందిన 60 రోజుల్లోపు ప్రాంతీయ డైరెక్టరుకు ADJ ఫారంలో అప్పీలు చేసుకోవాలి. ఆయన ఆదేశాన్ని ఖాయం చేయవచ్చు, మార్చవచ్చు, కొట్టేయవచ్చు. ఈ మూడింటిలో ఏదీ లేకుండా ‘మొత్తం ఎక్కువగా ఉంది’ అని మాత్రమే అప్పీలు చేస్తే ఆశ తక్కువ.

అప్పీలు చేయకపోతే ఆదేశం అందిన 90 రోజుల్లోపు జరిమానా కట్టాలి. కట్టకపోతే విషయం కోర్టుకు చేరుతుంది. కంపెనీకి 25,000 నుంచి అయిదు లక్షల దాకా జుల్మానా. డైరెక్టరుకు 25,000 నుంచి లక్ష దాకా జుల్మానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ 90 రోజులు కూడా కొత్త ఈమెయిల్ రికార్డుల్లోకి ఎక్కించుకోని కంపెనీకి పాత అకౌంటెంటు డబ్బాలోనే గడిచిపోతాయి. కాబట్టి ఫారాలు పెట్టిన రోజునే కంపెనీ ఈమెయిల్, డైరెక్టర్ల కేవైసీలోని ఈమెయిల్, ఫోను నంబరు మార్పించుకోండి.